వాసనను పక్కనపెట్టి రాసిన ఫిర్యాదు: ఒక పెర్ఫ్యూమ్ రిఫండ్ కేసు

వినియోగదారుల సలహా కేంద్రానికి వచ్చే ఆన్‌లైన్ ఫిర్యాదుల్లో పెర్ఫ్యూమ్‌లది వేరే రకం చిక్కు. పగిలిన ఫోనైనా, చిరుగుపట్టిన చీరైనా ఒక ఫొటో పెడితే అవతలివాళ్లకు విషయం అర్థమవుతుంది. సెంటు కొన్నవాళ్లు మాత్రం తమకు తెలిసిన ఒకే ఒక్క రుజువు పట్టుకుని వస్తారు. అది వాసన. దాన్ని మెయిల్‌కు జతచేయలేం. అందుకే ఇలాంటి కేసులు చాలావరకు మొదటి చాట్ దగ్గరే ఆగిపోతాయి. ఈ కేసు ఆగలేదు. ఎందుకు ఆగలేదో, ఏ దశలో ఏం ఆలోచించి ఏం చేశామో పనికొస్తుందని రాస్తున్నాను. కొన్నామె, అమ్మినవాళ్లు, యాప్, బ్రాండు ఎవరో తెలిసే వివరాలు తీసేశాను. ధరలు కొద్దిగా మార్చాను.

నేపథ్యం

ఆమె కోస్తా జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. భర్త పుట్టినరోజుకు ఇద్దామని ఒక షాపింగ్ యాప్‌లో 100 మిల్లీలీటర్ల ఫ్రెంచి పెర్ఫ్యూమ్ ఆర్డరు పెట్టారు. మాల్‌లో కౌంటరు ధర 9,800 రూపాయలు ఉన్నది యాప్‌లో 5,400కే దొరికింది. అమ్మకం పేజీలో ‘నూటికి నూరుపాళ్లు ఒరిజినల్’ అనీ, తయారైన దేశం ఫ్రాన్స్ అనీ, దిగుమతిదారు వివరాలు ప్యాక్ మీద చూడమనీ ఉంది. అమ్మేది యాప్ కంపెనీ కాదు, ఆ వేదిక మీద నమోదైన ఒక సెల్లర్.

ఇంత తక్కువకు వచ్చింది కాబట్టి నకిలీయే అని చాలామంది తేల్చేస్తారు. నేను ధరను రుజువుగా తీసుకోను. బ్రాండు అనుమతి లేకుండా దుబాయ్ లాంటి చోట్ల కొని తెచ్చి అమ్మే అసలు సరుకు కూడా కౌంటరు ధరకంటే బాగా తక్కువకు దొరుకుతుంది. ధర అనుమానం కలిగిస్తుంది, అంతకుమించి దానితో పని లేదు.

పార్సెల్ వచ్చింది. పుట్టినరోజు దాకా బీరువాలో దాచారు. తీరా తెరిచేసరికి యాప్‌లో వారం రోజుల రిటర్న్ గడువు అయిపోయింది. బహుమతిగా కొన్న వస్తువుల ఫిర్యాదుల్లో ఇది తరచూ కనబడుతుంది.

సమస్య

అనుమానం మొదలైంది ఆమె మరిది వల్ల. గల్ఫ్‌లో ఉద్యోగం. సెలవుకు వచ్చినప్పుడు అదే పెర్ఫ్యూమ్ ఆయన దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన కొట్టి చూసుకున్నారు. “సార్, మా మరిదిది సాయంత్రం దాకా ఉంది. మాది మధ్యాహ్నం భోజనం టైముకే పోయింది. కొట్టగానే స్పిరిట్ వాసన కూడా వస్తోంది” అని చెప్పారు.

ఆమె చెప్పిందాన్ని నేను కొట్టిపారేయలేదు. కానీ దీని మీద కేసు నిలబడదని అప్పుడే చెప్పాను. వాసన ఎంతసేపు నిలుస్తుందనేది చర్మం పొడిగా ఉందా, ఎండాకాలమా, ఏసీలో ఉన్నారా అనేవాటి మీద ఆధారపడుతుంది. అదే వాసన కాసేపు పీలిస్తే మన ముక్కే దానికి అలవాటుపడిపోయి, పక్కవాళ్లకు తెలుస్తున్నా మనకు తెలియకుండా పోతుంది. పెర్ఫ్యూమ్‌లో ఎక్కువ భాగం ఆల్కహాలే కాబట్టి కొట్టిన మొదటి క్షణాల్లో స్పిరిట్ ఘాటు అసలు సరుకులోనూ ఉంటుంది. పైగా కంపెనీలు పాత పేరు మీదే తయారీ సూత్రం మారుస్తుంటాయి. సెల్లర్ ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చెప్పినా మన దగ్గర జవాబు ఉండదు.

ముందు ఆమె చేసిన ప్రయత్నాలు

నా దగ్గరికి వచ్చేముందే ఆమె యాప్ చాట్‌లో ఫిర్యాదు చేశారు. ఆ స్క్రీన్‌షాట్లు చూశాను. ‘మీరు పంపింది డూప్లికేట్. మోసం చేశారు. డబ్బులు వెంటనే వెనక్కి ఇవ్వకపోతే పోలీసులకు చెప్తాను’ అని ఉంది. అవతలి నుంచి వచ్చిన జవాబు తయారుగా పెట్టుకున్నదే: రిటర్న్ గడువు ముగిసింది, తెరిచిన సౌందర్య సాధనాలు వెనక్కి తీసుకోం, మా సెల్లర్లంతా అసలు వస్తువులే అమ్ముతారు. టికెట్ మూసేశారు. మళ్లీ తెరిస్తే మళ్లీ అదే జవాబు.

తర్వాత బ్రాండు కస్టమర్ కేర్‌కు ఫొటోలతో మెయిల్ పెట్టారు. తమ అధీకృత అమ్మకందారుల దగ్గర కొనని వస్తువు అసలుదో కాదో చెప్పలేమని వాళ్లు రాశారు. పెద్ద బ్రాండ్ల నుంచి ఎక్కువగా వచ్చే జవాబు ఇదే. ఆమె నిరాశపడ్డారు గానీ ఆ మెయిల్‌ను జాగ్రత్తగా దాచమన్నాను. ఆ సెల్లర్ అధీకృతుడని బ్రాండు అనలేదు, ఆ మాత్రం మనకు పనికొస్తుంది.

ఈ ప్రయత్నాలు ఎందుకు విఫలమయ్యాయో చూస్తే దారి కనబడింది. ‘డూప్లికేట్’ అని ఆరోపించగానే దాన్ని రుజువు చేయాల్సిన భారం ఆమె మీద పడింది. సెల్లర్‌కూ ఒప్పుకునే వీలు లేకుండా పోయింది. నకిలీ సరుకు అమ్మానని రాతపూర్వకంగా ఒప్పుకుంటే 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం కింద నేరం ఒప్పుకున్నట్టే. అలాంటి మెయిల్‌కు ఏ వ్యాపారీ సరేనని రాయడు.

ఆధారాల కోసం పెట్టె తీశాం

అదృష్టవశాత్తూ ఆమె అట్టపెట్టె పారేయలేదు. మా టేబుల్ లైటు కింద పెట్టి చూశాం. ఎవరో తెలియని మనిషి, పెర్ఫ్యూమ్‌ల గురించి ఏమీ తెలియని మనిషి, ఫొటో చూసి ‘అవును, తేడా ఉంది’ అనగలిగినవే మనకు కావాలని ముందే అనుకున్నాం.

మొదట బ్యాచ్ నంబరు. చాలా బ్రాండ్లు పెట్టె అడుగున ఒక చిన్న కోడ్ ముద్రిస్తాయి, సీసా అడుగునా అదే కోడ్ ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. ఇక్కడ పెట్టె అడుగున ఉన్న కోడ్ వేరు, సీసా అడుగున ఉన్నది వేరు. సీసా మీది కోడ్ పారదర్శకమైన స్టిక్కర్ మీద ఉంది, ఒక మూల లేచి ఉంది, గోరు తగిలితే ఊడొచ్చేలా ఉంది. ఊడదీయవద్దని చెప్పి అలాగే ఫొటో తీశాం. రెండు అడుగుభాగాలూ ఒకే ఫ్రేములో పడేలా, అక్షరాలు చదవడానికి వీలుగా.

ఆమె ఆ కోడ్‌ను ఇంటర్నెట్‌లో బ్యాచ్ చూపించే సైట్‌లో కొట్టి చూశారట. ‘తేదీ చూపించింది సార్, అంటే అసలుదేనా?’ అని అడిగారు. కాదు. ఆ సైట్లు కోడ్ నమూనా చూసి తయారీ తేదీ లెక్కగట్టి చెప్తాయి, అంతే. అసలు సీసా మీది కోడ్‌ను చూసి నకిలీ పెట్టె మీద అచ్చువేస్తే దానికీ తేదీ చూపిస్తాయి. కాబట్టి సైట్ ఫలితాన్ని మన వైపూ వాడలేదు, సెల్లర్ వాడితే జవాబు చెప్పడానికి మాత్రం సిద్ధంగా ఉన్నాం.

రెండోది దిగుమతి లేబుల్. మన దేశంలో ప్యాక్ చేసి అమ్మే దిగుమతి వస్తువు మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎం.ఆర్.పి., నెల, సంవత్సరం, ఫిర్యాదుల కోసం ఫోను నంబరు లాంటివి ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు చెప్తున్నాయి. సౌందర్య సాధనం కాబట్టి దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. సాధారణంగా ఇవన్నీ తెల్ల స్టిక్కర్‌గా పెట్టె వెనక అతికిస్తారు. ఈ పెట్టె మీద అలాంటిదేమీ లేదు. అతికించి తీసేసిన జిగురు మరక కూడా లేదు. అమ్మకం పేజీలో మాత్రం ‘దిగుమతిదారు వివరాలు ప్యాక్ మీద’ అని ఉంది. ఇది బలమైన పాయింటు. సరుకు అసలుదే అయినా, దొంగచాటుగా తెచ్చిన అసలుదైనా, నకిలీదైనా, ఈ లోపం లోపమే.

మూడోది ఇన్‌వాయిస్. అందులో వస్తువు పేరు దగ్గర బ్రాండు పేరే లేదు. ‘పెర్ఫ్యూమ్ 100 ఎం.ఎల్.’ అని మాత్రమే ఉంది. పేజీలో బ్రాండు పేరు పెద్ద అక్షరాల్లో పెట్టి అమ్మినవాళ్లు బిల్లులో ఎందుకు రాయలేదో వాళ్లే చెప్పాలి. అప్పటికప్పుడు అమ్మకం పేజీని తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీయించాను. ఫిర్యాదు వెళ్లిన తర్వాత ఆ పేజీలు మారిపోవడం, మాయమైపోవడం మామూలే.

మరిది సీసాతో పోలిక మాత్రం పక్కన పెట్టాం. ద్రవం రంగులో తేడా ఉంది. కానీ వెనిలిన్ ఉన్న పెర్ఫ్యూమ్‌లు కాలం గడిచేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతాయి, బ్యాచ్ బ్యాచ్‌కూ తేడా వస్తుంది. లోపలి గొట్టం మందంగా ఉంది, స్ప్రే సన్నని తుంపరగా కాకుండా బొట్లుగా పడుతోంది. చూడటానికి ఇది నమ్మించే తేడాయే. అయినా సెల్లర్ ‘స్ప్రే పంపు పాడైంది, మార్చి ఇస్తాం’ అంటే మన ఫిర్యాదు పంపు రిపేరు దాకా కుంచించుకుపోతుంది. గల్ఫ్ సీసా మీద మన దేశపు లేబుల్ లేకపోవడం సహజం కాబట్టి దాన్ని ముందుకు తెస్తే మన రెండో పాయింటే బలహీనపడుతుంది.

మాట ఎలా పెట్టాలి

2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో సెల్లర్ల బాధ్యతలు చెప్పే 6వ నియమం ఉంది. వస్తువు లోపభూయిష్ఠమైనా, నకిలీదైనా, లేదా ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా వెనక్కి తీసుకోవడానికీ, డబ్బు తిరిగివ్వడానికీ సెల్లర్ నిరాకరించకూడదు. ఇందులో ‘లేదా’ అన్నదే మనకు ముఖ్యం. నకిలీ అని రుజువు చేయనక్కర్లేదు. ప్రకటనలో చెప్పినట్టు లేదని చూపించగలిగితే సరిపోతుంది. మన చేతిలో ఉన్న మూడు ఆధారాలూ సరిగ్గా దానికే సరిపోతాయి. యాప్ పెట్టుకున్న వారం గడువు కూడా ఆ నియమంలో లేదు.

అందుకని ఉత్తరంలో ‘మోసం’, ‘డూప్లికేట్’, ‘పోలీసులు’ అనే మాటలేవీ రానివ్వలేదు. అనుమానం ఒక్కచోట, ఒక్క వాక్యంలో చెప్పాం. వాసన గురించి అసలు రాయలేదు. ఆమెకు ఇది నచ్చలేదు. “అసలు బాధే అది కదా సార్” అన్నారు. వాసన రాస్తే జవాబంతా దాని చుట్టూ తిరుగుతుందని, బ్యాచ్ నంబరు గురించి ఎవరూ మాట్లాడరని చెప్పాక ఒప్పుకున్నారు.

ఎవరికి పంపాలన్నది ఇంకో నిర్ణయం. సెల్లర్‌కు రాసి, అదే మెయిల్ ప్రతిని వేదిక ఫిర్యాదుల అధికారికి పంపాం. ఆ అధికారి పేరు, వివరాలు యాప్‌లో చూపించడం తప్పనిసరి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, అందిన నెలలోగా పరిష్కరించాలి. చాట్‌లో పెట్టిన ఫిర్యాదుకు ఈ గడియారం మొదలైందో లేదో తేల్చడం కష్టం. మెయిల్‌కు తేదీ ఉంటుంది. ఇంగ్లీషులో పంపిన ఆ ఉత్తరం తెలుగులో ఇలా ఉంటుంది:

> విషయం: ఫలానా ఆర్డరులోని 100 మి.లీ. పెర్ఫ్యూమ్ ప్రకటనకు అనుగుణంగా లేకపోవడం, రిఫండ్ కోసం వినతి
>
> నమస్కారం. ఫలానా తేదీన మీ దగ్గర కొన్న పెర్ఫ్యూమ్‌కు నేను 5,400 రూపాయలు కార్డు ద్వారా చెల్లించాను. బహుమతిగా కొన్నందువల్ల ఫలానా తేదీ వరకు పెట్టె తెరవలేదు. తెరిచాక ఈ కింది విషయాలు గమనించాను.
>
> పెట్టె అడుగున ఉన్న బ్యాచ్ నంబరు, సీసా అడుగున ఉన్న బ్యాచ్ నంబరు ఒకటి కావు (1వ ఫొటో). మీ పేజీలో దిగుమతిదారు వివరాలు ప్యాక్ మీద ఉన్నాయని రాశారు. పెట్టెకు ఏ వైపునా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎం.ఆర్.పి. లేవు (2 నుంచి 7 వరకు ఫొటోలు, ఆరు వైపులవీ). ఇన్‌వాయిస్‌లో బ్రాండు పేరు లేదు (ప్రతి జతచేశాను).
>
> వీటి వల్ల ఇది ప్రకటనలో చెప్పిన వస్తువేనా అన్న అనుమానం కలిగింది. మీ వైపు సరఫరాలో ఎక్కడో పొరపాటు జరిగి ఉండవచ్చు. ఈ వస్తువును మీరు ఎవరి దగ్గర కొన్నారో తెలిపే కొనుగోలు బిల్లు గానీ, దిగుమతి పత్రం గానీ ఉంటే దయచేసి పంపండి. లేనిపక్షంలో ఫలానా తేదీలోగా పూర్తి మొత్తం నేను చెల్లించిన కార్డుకే తిరిగి జమచేయగలరు.
>
> సీసా, పెట్టె అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. సుమారు 5 మి.లీ. మాత్రమే వాడాను. మీరు పికప్ ఏర్పాటు చేస్తే వెంటనే అప్పగిస్తాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఈ వినతి చేస్తున్నాను. మీ సహకారానికి ధన్యవాదాలు.

ఇందులో రెండు వాక్యాల గురించి చెప్పాలి. ‘మీ వైపు సరఫరాలో ఎక్కడో పొరపాటు జరిగి ఉండవచ్చు’ అన్నది మర్యాద కోసం మాత్రమే పెట్టింది కాదు. తప్పు ఒప్పుకోకుండానే డబ్బు ఇవ్వడానికి అది సెల్లర్‌కు వీలిస్తుంది. కొనుగోలు బిల్లు అడగడం వల్ల భారం వాళ్ల మీదకు మారుతుంది. సరుకు సరైనదైతే ఆ కాగితం చూపడం వాళ్లకు పెద్ద పని కాదు.

ఎంత వాడారో నిజంగానే రాయించాను. తర్వాత సీసా చూసి ‘సగం వాడేశారు’ అనే వీలు ఉండకూడదు. ద్రవం మట్టం కనబడే ఫొటో కూడా పెట్టాం.

తర్వాత ఏం జరిగింది

అధికారి కార్యాలయం నుంచి మెయిల్ అందినట్టు గడువులోపే జవాబు వచ్చింది. సెల్లర్ మాత్రం ఫోన్ చేశాడు. “మేడమ్, మెయిల్స్ ఎందుకు, పదిహేను వందలు యూపీఐ చేస్తాను, సీసా మీరే ఉంచుకోండి” అన్నాడు. ఆమెకు కాస్త మొగ్గు కలిగింది. నేను వద్దన్నాను. ఆ డబ్బు తీసుకుంటే విషయం పరిష్కారమైందని యాప్‌కు చెప్పేస్తారు, మిగతాది అడిగే దారి మూసుకుపోతుంది. ఏముందో తెలియని ద్రవం ఒంటి మీద చల్లుకోవడానికి ఆమె ఎలాగూ సిద్ధంగా లేరు. పైగా ఫోన్లో ‘డబ్బు వేస్తాం, ఈ లింకు నొక్కండి, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి’ అనే మోసాలకు రిఫండ్ కోసం ఎదురుచూసేవాళ్లే ఎక్కువగా దొరుకుతారు. డబ్బు రావడానికి మనం ఏదీ స్కాన్ చేయనక్కర్లేదు. ఫోన్లో మాట్లాడింది మెయిల్‌లో రాయమని, రిఫండ్ కార్డుకే కావాలని ఆమె రెండు లైన్లు పంపారు.

తర్వాతి మెలిక సెల్లర్ నుంచి వచ్చింది. సరే, మీ ఖర్చుతో కొరియర్‌లో వెనక్కి పంపండి, చూసి రిఫండ్ చేస్తాం అన్నాడు. ఆమె ఊళ్లో కొరియర్ ఆఫీసులో పెర్ఫ్యూమ్ అనగానే ‘తీసుకోం’ అన్నారు. ఆల్కహాల్ ఉన్న పెర్ఫ్యూమ్ మండే ద్రవాల కిందకు వస్తుంది, పోస్టులోనూ పంపనివ్వరు. లోపల ఏముందో చెప్పకుండా బుక్ చేద్దామా అని ఆమె అడిగారు. అది ప్రమాదం, తప్పు కూడా. దారిలో పట్టుబడితే సీసాతో పాటు మన ఆధారం మొత్తం పోతుంది. కొరియర్ నిరాకరించిన విషయం మెయిల్‌లో రాసి, మొదటి పార్సెల్ తెచ్చిన రవాణా ద్వారానే పికప్ పెట్టించమని ఫిర్యాదుల అధికారిని కోరాం. ఈ మెయిల్ తర్వాతే కేసు కదిలింది. అధికారి కార్యాలయం పికప్ పెట్టించింది.

అప్పగించేముందు ప్యాకింగ్ అంతా ఆపకుండా ఒకే వీడియోగా తీయించాను: రెండు బ్యాచ్ నంబర్లు, ద్రవం మట్టం, పెట్టెలో పెట్టడం, టేపు వేయడం, పికప్ అబ్బాయికి ఇవ్వడం, అతని రసీదు. సీసా చేయి దాటాక మన దగ్గర మిగిలేది ఇదొక్కటే. సరుకు చేరిన తర్వాత 5,400 రూపాయలూ ఆమె కార్డుకు జమయ్యాయి. సెల్లర్ చివరి మెయిల్‌లో ‘కస్టమర్ సంతృప్తి కోసం’ అని రాశాడు. కొనుగోలు బిల్లు మాత్రం పంపలేదు.

ఆ సీసాలో ఉన్నది నకిలీయో, దొడ్డిదారిన వచ్చి పెట్టె మారిన అసలుదో మాకు ఎప్పటికీ తెలియదు. తెలుసుకోకుండానే రిఫండ్ వచ్చింది.

ఇలాంటి కేసులో ముందుకు వెళ్లాల్సి వస్తే

నెల దాటినా జవాబు లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు గానీ, consumerhelpline.gov.in లో గానీ ఫిర్యాదు పెట్టించేవాణ్ని. అది కోర్టు కాదు, కంపెనీకీ మనకీ మధ్య నిలబడి అడుగుతుంది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంది, వస్తువుకు చెల్లించింది ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. అక్కడ సీసాను పరీక్షకు పంపమని అడగవచ్చు గానీ, ల్యాబ్ ద్రవంలో ఏముందో చెప్పినా దాన్ని పోల్చి ఇది ఫలానా బ్రాండుదా కాదా అని తేల్చాలంటే బ్రాండు సహకారం లేకుండా కష్టం. అందుకే ఆ దశలోనూ లేబుల్, బ్యాచ్ నంబరు, ఇన్‌వాయిస్ మీదే నిలబడమంటాను.

ఒక ప్రశ్న మిగులుతుంది. పెట్టె పారేసి, సీసా ఒక్కటే పట్టుకొచ్చేవాళ్ల సంగతేమిటి? వాళ్లే ఎక్కువమంది. వాళ్ల విషయంలో బ్యాచ్ పోలిక పోతుంది, లేబుల్ పాయింటు రుజువు చేయలేం. అప్పుడు మిగిలేవి ఇన్‌వాయిస్, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్, ఇంకా ఒక హక్కు: కొన్న తర్వాత రాతపూర్వకంగా అడిగితే సెల్లర్ ప్రధాన చిరునామా, ఈమెయిల్ లాంటి వివరాలు వేదిక ఇవ్వాల్సిందే. ఆ వివరాలు తెప్పించుకుని, సరఫరా పత్రాలు అడుగుతూ ఇదే ఉత్తరాన్ని చిన్నగా రాయిస్తాను. పూర్తి రిఫండ్ వచ్చే అవకాశం తక్కువని, సగం ఇస్తామంటే ఆలోచించుకోవచ్చని వాళ్లకు ముందే చెప్తాను.